అక్క నల్లబడింది ఎండకి కాదు

ఉగాదికి ఇంటికెళ్లినప్పుడు పక్కింటి పిన్నిగారు అక్కని చూసి, "ఏమ్మా, ఇంత నల్లబడ్డావేంటి? ఎండలో తిరుగుతున్నావా?" అనేసింది. అక్క నవ్వేసి ఊరుకుంది. నాకే ఏదో తేడాగా అనిపించింది. అక్కకి వేళ్ల కణుపులు, అరచేతి గీతలు, చిగుళ్లు కూడా నల్లబడ్డాయి. చిగుళ్లకి ఎండ తగలదు కదా! నడుం పక్కన ఆపరేషన్ మచ్చలైతే బొగ్గుతో గీసినట్టున్నాయట.

ఆ మచ్చలు మూడేళ్ల కిందటివి. మెదడు కింద బఠాణీ గింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న కణితి వచ్చి అక్కకి కుషింగ్స్ జబ్బు తెచ్చింది. కణితి ఏసీటీహెచ్ అనే హార్మోన్ వదులుతుంటే, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఆపకుండా కార్టిసాల్ తయారు చేసేవి. మొహం ఉబ్బింది, బీపీ, షుగర్ వచ్చాయి. ముక్కులోంచి రెండుసార్లు ఆపరేషన్ చేసినా కార్టిసాల్ దిగలేదు. చివరికి అడ్రినల్స్ రెండూ తీసేశారు. ఇక జీవితాంతం హైడ్రోకార్టిసోన్, ఫ్లూడ్రోకార్టిసోన్ మాత్రలు. అక్క మళ్లీ పాత అక్కలా అయ్యేసరికి జబ్బు పోయిందనుకున్నాం. ఏడాదికోసారి ఎమ్మారై చేయించమన్న కాగితం ఫైల్లోనే ఉండిపోయింది. ఆ ఫైలు స్కాన్ చేసి దాచింది నేనే. చదవలేదు.

కణితి మాత్రం ఎక్కడికీ పోలేదు. ఒంట్లో కార్టిసాల్ ఎక్కువగా ఉన్నన్నాళ్లూ అది కణితికి కొంత బ్రేకు వేసేది. అడ్రినల్స్‌తో పాటు ఆ బ్రేకూ పోయింది. మాత్రలిచ్చే కార్టిసాల్ ఒంటికి సరిపోతుంది గానీ కణితిని ఆపలేదు. అది పెరిగి ఏసీటీహెచ్ కుమ్మరిస్తే, ఆ హార్మోన్ చర్మంలో రంగు తయారుచేసే కణాలని కూడా తట్టిలేపుతుంది. దీన్ని నెల్సన్ సిండ్రోమ్ అంటారు. డాన్ నెల్సన్ అనే డాక్టరు 1958లో మొదటి కేసు రాశాడు.

డాక్టరుగారు ముందు అడిగింది, "మాత్రలు మానేస్తున్నావా అమ్మా?" అని. డోసు చాలకపోయినా ఏసీటీహెచ్ పెరిగి ఇలాగే నల్లబడతారట. అందుకని పొద్దున మాత్రకి ముందోసారి, వేసుకున్న రెండు గంటలకి ఇంకోసారి రక్తం తీశారు. డోసు సమస్యే అయితే రెండోసారికి బాగా దిగాలి. అక్కకి 1400 కాస్తా 1250 అయింది, అంతే. మామూలుగా 60 దాటకూడదు. ఎమ్మారైలో 4 మిల్లీమీటర్ల కణితి 15 అయి, కంటి నరాల దాకా వచ్చింది. చూపు పక్కలకి ఎంత పోతోందో పరీక్షిస్తే రెండు వైపులా తగ్గింది. గుమ్మాలకి భుజం కొట్టుకుంటుంటే, "నీకు ధ్యాస ఉండదే" అని అమ్మ తిడుతూ ఉండేది.

కంటి నరాలకి మరీ దగ్గరగా ఉన్నదానికి రేడియేషన్ ఇస్తే చూపు దెబ్బతినొచ్చు. అందుకే మూడోసారి ముక్కులోంచే వెళ్లి తీయగలిగినంత తీశారు. రక్తనాళం పక్కన మిగిలిన ముక్కకి తర్వాత గామా నైఫ్ చేశారు.

ఎనిమిది నెలలైంది. ఏసీటీహెచ్ 220కి దిగింది, చూపు చాలావరకు తిరిగొచ్చింది. మొన్న పిన్నిగారు "ఏం క్రీము రాస్తున్నావే?" అని అడిగిందట. చిగుళ్ల మీది మరకలు మాత్రం ఇంకా పూర్తిగా పోలేదు. వచ్చే ఎమ్మారై నవంబర్‌లో ఉంది.