గాలిమువ్వ

మా తండ్రిగారు కోనసీమ తీర్థాలలో గాజులు అమ్మేవారు. కొత్తపేట ప్రభల తీర్థానికి వెళ్లిన రాత్రి దుకాణం కట్టివేసి, మైకులో వినవచ్చే నాటక పద్యాలు వినడం ఆయనకు అలవాటు. తెలుగు అక్షరాలు ఆయనకు రావు. చెవితో పట్టినదే ఆయన పుస్తకం. అలా పట్టిన పద్యం ఒకటి, గాజుల మలారం సర్దుకొంటూ ఇంటిలో పాడేవారు. ఆయన గతించిన తరువాత రాజోలులో ఉన్న మా ఆపా, “తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతుకుతున్నావు గదా! అబ్బా పాడిన పద్యం నాలుగు పాదాలూ వ్రాసి ఇవ్వలేవా?” అని అడిగినది. ఆ మాట మాకు ములుకువలె నాటినది.

మాకు జ్ఞాపకమున్నది “గాలిమువ్వ మోహనరాగాన” అన్న ముక్క. ముందు ‘ఓ...’ అని దీర్ఘంగా రాగం తీసేవారు. గాలికి కదలే మువ్వ అని మేము చిన్ననాటినుండి ముచ్చటపడినాము. పద్యసూచికలలో అకారాది క్రమం గనుక ‘గ’ వరుస అంతా వెదకినాము. సెల్‌ఫోనులో ‘గాలిమువ్వ’ అని కొట్టి చూచినాము. గాలి మీద ఉన్న సినిమా పాటలన్నీ వచ్చినవి గాని మా పద్యం రాలేదు.

ఒకనాడు తరగతిలో ఆటవెలది లక్షణం చెప్పుచుండగా మాకే సిగ్గు కలిగినది. ఆటవెలది మొదటి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండవలెను. ఇంటి పద్యం నడక ఆటవెలది నడకయే. మరి లెక్కించి చూతుము గదా: ‘గాలి’, ‘మువ్వ’ సూర్యగణాలు, ‘మోహన’, ‘రాగాన’ ఇంద్రగణాలు. మొదటివి మూడు ఉండవలసినచోట రెండే ఉన్నవి! ఒక గణం ఎక్కడనో జారిపోయినది. యతి కూడ అదే చెప్పుచున్నది. నాలుగవ గణం మొదటి అక్షరమైన ‘మో’తో పాదాది అక్షరానికి మైత్రి కుదరవలెను. ‘గా’కు, ‘మో’కు ఏమి మైత్రి? కనుక పోయిన మాట ‘మో’ వంటి అక్షరంతో మొదలై, ఒక గురువు, ఒక లఘువుగనో, మూడు లఘువులుగనో ఉండవలెను. అప్పుడు స్ఫురించినది, అబ్బా తీసిన ‘ఓ...’ రాగం కాదని! అది ‘మ్రోగె’ అన్న మాటలోని ఓకారం. రంగస్థలం మీది గాయకుడు ఆ అచ్చును సాగదీసినాడు. మైకు మకారాన్ని మింగినది. మిగిలిన ‘గె’ రాగంలో కలిసిపోయినది.

మాట దొరకగానే గాలి కూడ పోయినది. ‘మ్రోగెను’ ద్రుతాంతం. దాని మీద కకారం వచ్చినచో సరళమై గకారమగును. ‘మ్రోగెన్ + కాలిమువ్వ’ కలిసి ‘మ్రోగెఁ గాలిమువ్వ’ అయినది. వ్రాతలో అరసున్న జాడ చెప్పును గాని పలుకుబడిలో అది వినబడదు. కావున పద్యంలో వినవచ్చిన గకారాన్ని చూచి ‘గ’ వరుసలోనే వెదకరాదు. ‘క’ వరుస కూడ చూడవలెను. అట్లే వినవచ్చిన ‘జ’ వెనుక ‘చ’, ‘బ’ వెనుక ‘ప’ దాగి ఉండవచ్చును.

అయితే ఛందస్సు ఇక్కడ మనకు తోడు రాదని కూడ చెప్పవలెను. గాలికీ కాలికీ గురులఘువులు ఒక్కటే. యతిస్థానంలో పడినా క, గ లకు మైత్రి ఉన్నది గనుక ఏది వ్రాసినా చెల్లును. ‘మ్రోగె గాలిమువ్వ’ అన్నా వ్యాకరణం ఒప్పుకొనును. తీర్పు అర్థానిదే. ఆపాకు రెండవ పాదం మొదటి మాట ‘అడుగు’ అని గుర్తున్నది. అడుగు ఉన్నచోట ఉండవలసినది కాలి మువ్వయే గదా!

ఈ సంగతి మా కళాశాల ఉర్దూ ఉపన్యాసకులకు చెప్పగా ఆయన నవ్వి, తమ వైపు చిక్కు చెప్పినారు. మన తెలుగు వ్రాతలో ‘జ’ ఒక్కటే. ఉర్దూలో జీమ్ వేరు, జే వేరు. జీమ్‌తో ‘రాజ్’ రాజ్యం. జేతో ‘రాజ్’ రహస్యం. గజల్ విని నిఘంటువులో రాజ్యం వెదకువారు మనలో పలువురు. దానికి ఆయన చూపిన ఉపాయం కాఫియా. ప్రక్క చరణాలలో ‘ఆవాజ్’, ‘సాజ్’ ఉన్నచో అవి జే మాటలు, కనుక రహస్యమే; ‘తాజ్’, ‘ఆజ్’ ఉన్నచో రాజ్యం.

‘మ్రోగె’ పట్టుకొని మరల వెదకగా, అచ్చు పుస్తకంలో గాక, రాజోలు ప్రాంతంలో నాటకాలకు హార్మోనియం వాయించిన ఒక పెద్దాయన చేతివ్రాత పుస్తకంలో పద్యం కనబడినది. మూడు పాదాలు స్పష్టంగా ఉన్నవి. నాలుగవది చెదలు తిన్నది; చివర ‘లు’ మాత్రం మిగిలినది. అబ్బా ఆ చోట ‘నవ్వుసాలు’ అనేవారని ఆపా గట్టిగా చెప్పుచున్నది. ‘నవ్వు’ ప్రథమావిభక్తి గనుక దాని మీది ‘చాలు’ గసడదవాదేశం చేత ‘సాలు’ అయినదని మేము వివరించినాము. “అదేమీ కాదు, అబ్బా ఎప్పుడూ చాలును సాలు అనేవాడు, అన్నం వడ్డించేటప్పుడు కూడ” అన్నది ఆపా. ఆదేశమో, అబ్బా నాలుకయో తేలలేదు గాని, కాగితం మీద ‘నవ్వుసాలు’ అనియే వ్రాసి ఇచ్చినాము.