నెట్టు ఉంటే

మా బిల్లింగ్ యాప్ వాడే ఒక కిరాణా షాపాయన వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపారు. విని రాసుకుంటే ఇదీ: "అంటే, మొదట్ల, మొదట్ల ఒక నెల మస్తు తిప్పలైంది సార్. ఇప్పుడైతే, అదే, రాత్రి లెక్క జల్ది అయిపోతుంది. ఓ అరగంట మిగులుతది, నెట్టు ఉంటే."

మార్కెటింగ్ టీమ్ చేతిలో అది "ఈ యాప్‌తో రోజూ అరగంట ఆదా!" అయి, కొటేషన్ గుర్తుల మధ్య, ఆయన పేరుతో తిరిగొచ్చింది. ఆ గుర్తులుంటే ఆయన సరిగ్గా ఆ మాటలే అన్నట్టు కదా.

నేను తీసింది "అంటే", "అదే", రెండో "మొదట్ల". అంతే. "జల్ది"ని "త్వరగా" చెయ్యలేదు, ఆ ఊళ్ళో ఆయన్ని ఎరిగినవాళ్ళు నమ్మరు. "ఓ అరగంట"లో "ఓ" తీస్తే అంచనా కాస్తా లెక్కయి కూర్చుంటుంది. "నెట్టు ఉంటే" అన్నది షరతు. నెల తిప్పల దగ్గర చుక్కలు పెట్టి దాటేద్దామన్నారు. చుక్కలు పొడుగు తగ్గించడానికి సరే, కానీ ఇక్కడ పోయేది అభిప్రాయంలో సగం. అమెరికా ఎఫ్‌టీసీ మార్గదర్శకాలూ ఇంచుమించు ఇదే అంటాయి: పదాలు మారొచ్చు, మనిషి అభిప్రాయం, అనుభవం వంకర పోకూడదు.

చివరి కాపీ ఆయనకే పంపి, వేసుకోమంటారా అని అడిగాం. సాయంత్రానికి జవాబు: "అరగంట ఎక్కువైతదేమో సార్. ఇరవై నిమిషాలు అని పెట్టుండ్రి. మా ఇంటామె చదువుతది."

పెట్టాం.