గౌరవమూ, వేతనమూ

దేవరకొండకు దగ్గరలో ఒక పల్లెలో మా చిన్నమ్మ అంగన్‌వాడీ నడపబట్టి ఇరవై ఆరేండ్లయింది. మొన్న దసరాకు పోయినప్పుడు, "ఇప్పుడు నీ జీతమెంత చిన్నమ్మా?" అని అడిగాను.

"జీతం నీకు బిడ్డా. మాకొచ్చేది గౌరవం," అన్నదామె.

ఎగతాళికే అన్నది. కాని తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ణి గనుక ఆ సమాసం నన్ను వదలలేదు. గౌరవాధ్యక్షుడంటే అధ్యక్షుడి బాధ్యతలు లేనివాడు. ఆ లెక్కన గౌరవ వేతనమంటే, ఇచ్చేవాడికి వేతనపు బాధ్యతలు లేని వేతనమన్న మాట. దొరల దగ్గర పనిచేసినవాణ్ణి కూడా మన పల్లెలు జీతగాడనే అన్నాయి.

నా జీతపు కాగితంలో ఎన్నో వరుసలుంటాయి: మూలవేతనం, కరువు భత్యం, ఇంటి అద్దె. ఏడాది తిరిగితే ఇంక్రిమెంటు. ధరలు పెరిగితే, ఆలస్యంగానైనా, కరువు భత్యం కదులుతుంది. చిన్నమ్మ పాసుబుక్కులో ఒకే అంకె. 2017లో అది 10,500 అయింది. 2021లో ముప్ఫై శాతం పెంచగా 13,650 అయింది. నడుమ సంవత్సరాల్లో నూనె ధర ఎంత పెరిగినా ఆ అంకెకు తెలియదు. ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే తప్ప అది కదలదు. నిన్న చేరిన పిల్లకూ, ఇరవై ఆరేండ్ల అనుభవమున్న ఈమెకూ అదే మొత్తం. అంటే ఈ పద్ధతిలో కాలానికి విలువ లేదు. నాకు అన్నిటికంటె అన్యాయంగా తోచింది ఇదే.

వీరిది ప్రభుత్వపు సివిల్ పోస్టు కాదని 2006లో అమీర్‌బీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే 2022 ఏప్రిల్‌లో, గుజరాత్ కార్యకర్తల కేసులో, అదే కోర్టు 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వీరికి వర్తిస్తుందనీ, పేరు ఏదైనా ఈ గౌరవ వేతనం ఆ చట్టం దృష్టిలో వేతనమేననీ తీర్పునిచ్చింది. 2025 నవంబరులో ఆ చట్టం సామాజిక భద్రతా స్మృతిలో కలిసినా, ఏడాదికి పదిహేను రోజుల వేతనమన్న సూత్రం నిలిచింది.

ఆ రాత్రి అరుగు మీద కూర్చొని లెక్క వేశాం. నెలకు ఇరవై ఆరు పనిదినాలు. 13,650ని ఇరవై ఆరుతో భాగిస్తే రోజుకు 525. పదిహేను రోజులకు 7,875. ఇరవై ఆరేండ్లకు 2,04,750 రూపాయలు. ఆయాకు 2021 ప్రకారం 7,800. రోజుకు 300, ఏడాదికి 4,500. ఇంతకాలం విలువ లేదనుకున్న ఏండ్లు మొదటిసారి కాగితం మీద రూపాయలై కనబడ్డాయి.

చిన్నమ్మ కళ్లజోడు సవరించుకొని ఆ కాగితాన్ని రెండుసార్లు చూసింది. పథకం ఖర్చును కేంద్రమూ, రాష్ట్రమూ పంచుకుంటాయని ఆమెకు తెలుసు.

"మరి దరఖాస్తుల యజమాని పేరు కాడ ఎవరిని రాయాలె బిడ్డా?" అని అడిగింది.