ఏజెంటు భాయ్‌కి ఐదు వాక్యాలు

గల్ఫ్‌కు వెళ్లివచ్చే బిడ్డలున్న ఇళ్లలో రిక్రూటింగ్ ఏజెంటు పేరు సాధారణంగా రెండు వేళల్లోనే వినిపిస్తుంది: వీసా కావలసినప్పుడు, వీసా రానప్పుడు. నడుమనున్న కాలంలో మనవాడు ఏం నేర్చుకున్నాడో, ఇప్పుడు ఏం కోరుతున్నాడో ఆయనకు తెలియజేసేవారు తక్కువ. మా తమ్ముడు పైపు వెల్డరు. చాలాకాలంగా అతనికి పని చూపిస్తున్న ఏజెంటుకు మూడు నెలలకొకసారి ఒక చిన్న సందేశం పంపడం మా ఇంటి అలవాటు. తమ్ముడు చెబుతాడు, మేము రాస్తాము.

ఆయనను మేము నమ్మింది తీయని మాటలకు కాదు. ఆయన రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉన్నదో లేదో emigrate.gov.in లో చూసుకున్నాము. చట్టం అనుమతించిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. ఆయన అంతకు మించి అడగలేదు, తీసుకున్నదానికి రశీదు ఇచ్చారు. అయినా సందేశంతోపాటు పాస్‌పోర్టు ప్రతిని గానీ బ్యాంకు వివరాలను గానీ పంపము. పని ఖాయమయ్యే దశలో అడిగితే అప్పుడు ఇస్తాము.

కంపెనీ నుంచి మనుషులు కావాలని కబురు వచ్చినప్పుడు ఏజెంటుకు దొరికే వ్యవధి కొద్ది రోజులే. ‘వెల్డరు’ అన్న ఒక్క మాట ఆయనకు చాలదు. ఏ పద్ధతి, ఏ లోహం, ఏ భంగిమ అన్నవి కావాలి. 6జి అంటే పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి, వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ అతికే పరీక్ష. తమ్ముడికి అది మునుపే ఉంది, కానీ కార్బన్ స్టీలు మీద. నిరుడు స్టెయిన్‌లెస్ స్టీలు మీద టిగ్ వెల్డింగు నేర్చుకున్నాడు. అందులో పైపు లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపాలి. లేకుంటే లోపలివైపు అతుకు నల్లబడి గరుకుదేలుతుంది. బయటినుంచి చూస్తే ఆ లోపం తెలియదు. ఈ పని వచ్చినవారికి పిలుపు వేరు, జీతం వేరు.

అప్పుడు మేము పంపిన సందేశం ఇది:

“అస్సలాము అలైకుం భాయ్‌సాబ్. తమ్ముడు స్టెయిన్‌లెస్ స్టీలు పైపు మీద టిగ్, 6జి పరీక్ష పాసయ్యాడు, సర్టిఫికెట్ జతచేశాము. కార్బన్ స్టీలులో టిగ్, ఆర్క్ రెండూ పోయిన నెల దాకా చేస్తూనే ఉన్నాడు. పాస్‌పోర్టుకు ఇంకా మూడేళ్ల గడువుంది. రెండేళ్ల ఒప్పందానికి సిద్ధం, నెల రోజుల ముందు చెబితే చాలు.”

‘పోయిన నెల దాకా’ అన్న మాట ఊరికే రాసింది కాదు. చమురు, గ్యాస్ పనుల్లో విస్తారంగా పాటించే ఏఎస్‌ఎంఈ నియమావళి ప్రకారం, వెల్డరు ఒక పద్ధతిలో ఆరు నెలలు పని చేయకపోతే ఆ పద్ధతిలో అతని అర్హత రద్దవుతుంది. కాగితం మీద తేదీ ఎంత ముచ్చటగా ఉన్నా లాభం లేదు. అందుకే ఖాళీగా గడిపిన నెలలను కూడా ఉన్నదున్నట్టు రాస్తాము. పైగా కొత్త కంపెనీ ఎలాగూ తన పరీక్ష తాను పెడుతుంది. సర్టిఫికెట్ ఆ పరీక్ష గుమ్మం దాకా తీసుకుపోతుంది, అంతే. చేతకానిది రాస్తే ఆ గుమ్మంలోనే బయటపడుతుంది. అక్కడ పోయేది తమ్ముడి పేరు ఒక్కటే కాదు, పంపినాయన మాట కూడా.

ఇలాంటి సందేశానికి చాలాసార్లు జవాబు రాదు. రానక్కరలేదు కూడా. జవాబు కోసం వారం వారం కదిలిస్తే ఆయన మన పేరు చూడగానే ఫోను పక్కన పెట్టేస్తారు. అయితే కోరిక మారినప్పుడు మాత్రం మూడు నెలలు ఆగకూడదు.

మొన్న అబ్బాజాన్‌కు డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు ఆస్పత్రి. రెండేళ్లు ఇల్లు వదలడం తమ్ముడికి ఇక కుదరదు. ఆ వారంలోనే రాశాము: “దీర్ఘకాల ఒప్పందాలు ప్రస్తుతం వద్దు. రిఫైనరీ షట్‌డౌన్ పనులైతే 45 నుంచి 60 రోజుల దాకా రాగలడు. మన దేశంలోనైనా సరే.” కారణం ఒక్క వాక్యంలో చెప్పాము, ఇంటి కష్టమంతా విప్పలేదు.

ఈసారి వెంటనే ఫోను వచ్చింది. జుబైల్‌లోని ఒక పనికి రెండేళ్ల జాబితాలో తమ్ముడి పేరు అప్పటికే చేర్చారట. ఇంకా వీసా పడలేదు కాబట్టి మరొకరి పేరు పెట్టగలిగారు. వీసా పడ్డాక వద్దని ఉంటే ఆ చోటు ఖాళీగా మిగిలేది, కంపెనీకి సంజాయిషీ ఆయన చెప్పుకోవలసి వచ్చేది. “ముందే చెప్పారు, మంచిదైంది” అని మాత్రం అన్నారు.

షట్‌డౌన్ పిలుపు ఇంకా రాలేదు. తమ్ముడు ఊళ్లోని ఫ్యాబ్రికేషన్ షాపులో రోజుకూలీకి చేస్తున్నాడు. అక్కడ ఆర్క్ పనే తప్ప టిగ్ లేదు. టిగ్ పట్టుకుని నాలుగు నెలలు దాటింది. రాబోయే సందేశంలో మొదటి వాక్యం అదే.