గంప దేనికో తెలుసు, మరి మనిషి?

కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక చేసుకుని చదవండి.

మాది గుండుగొలను. ఎరుకల వాళ్ళం. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. పోయిన నెల మా హాస్టల్ రూములో ఒకబ్బాయి ఫోన్ పోయింది. ఆరుగురం ఉన్నాం. ముందు నా పెట్టె తెరిపించారు. నాదే ఎందుకని అడిగితే వెనక నుంచి ఒకడు, "వాళ్ళకి అది రక్తంలోనే ఉంటదిరా" అన్నాడు. మర్నాడు ఫోన్ ఆ అబ్బాయి మేనమామ ఇంట్లోనే దొరికింది. నాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

అదే వారం క్లాసులో నేచురల్ లా పాఠం వచ్చింది. మనిషి స్వభావం ఏంటో, మనిషి బతుకు దేనికో తెలిస్తే ఏది మంచి పనో తెలుస్తుందని ఆ సిద్ధాంతం. నాకు ఒళ్ళు మండింది. స్వభావం పేరు చెప్పే కదా నా పెట్టె తెరిచారు!

కానీ చదివేకొద్దీ మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ఈత బరికెలతో గంపలు అల్లేది. అయ్యాక లోపల బరువు పెట్టి, ఎత్తి చూసేది. అడుగు జారకపోతే, అంచు విడిపోకపోతే మంచి గంప. గంప పని మొయ్యడం, ఆ పని బాగా చేస్తే అది మంచిది. గ్రీకు దేశపు అరిస్టాటిల్ మనిషి గురించీ ఇలాగే ఆలోచించాడు. మనిషికే ఉన్న ప్రత్యేకమైన పని బుద్ధితో బతకడం, అది బాగా చేసేవాడు మంచి మనిషి అన్నాడు.

13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ దీన్ని ఇంకా విడమరిచాడు. ఏ మనిషైనా ప్రాణం కాపాడుకోవాలనుకుంటాడు. పిల్లల్ని కని పెంచాలనుకుంటాడు. నిజం తెలుసుకోవాలని, నలుగురితో కలిసి బతకాలని చూస్తాడు. ఇవే మనిషికి మేలు, వీటిని నిలబెట్టే పనే సరైన పని. న్యాయం తప్పిన చట్టం చట్టమే కాదు, చట్టం చెడిన రూపం అన్నాడు. "కోపమొస్తే కొట్టాలనిపించడం కూడా సహజమే కదా సార్" అని అడిగాను. అనిపించిన ప్రతిదీ మంచిది కాదు, ఏది మనిషిని నిలబెడుతుందో బుద్ధి తేల్చాలి అని మా సార్ చెప్పారు.

ఇప్పుడు అసలు చిక్కు. కొందరు స్వభావం వల్లే బానిసలని రాసింది కూడా అరిస్టాటిలే. 1550లో స్పెయిన్‌లోని వయ్యడోలిడ్‌లో సెపుల్వేద అనే పండితుడు ఆ మాటే పట్టుకుని, అమెరికా ఆదివాసులని యుద్ధం చేసి లొంగదీసుకోవడం సరైనదే అని వాదించాడు. లాస్ కసాస్ అనే మతగురువు ఎదురు నిలబడ్డాడు. వాళ్ళకీ బుద్ధి ఉంది, ఊళ్ళున్నాయి, పద్ధతులున్నాయి, వాళ్ళూ మనుషులే అన్నాడు. సిద్ధాంతం ఒకటే, వాడింది రెండు పక్కలా.

మన దగ్గర 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ వచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగతనం కూడా కులవృత్తే అని అప్పటి వాదన. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది, మన ఎరుకల వాళ్ళూ ఆ జాబితాలోకి వెళ్ళారు. వేలిముద్రలు తీసుకునేవాళ్ళు. చెప్పిన టైముకి హాజరు వేయించుకోవాలి, పాస్ లేకుండా ఊరు దాటకూడదు. మా తాత వాళ్ళ నాన్న రాత్రిళ్ళు లేచి హాజరు చెప్పుకునేవాడని నాయనమ్మ అనేది. 1947లో మద్రాసులో, 1952లో దేశమంతా ఆ చట్టం పోయింది.

దాన్ని అక్వినాస్ చెప్పిన నాలుగింటి పక్కన పెట్టి చూడండి. పాస్ లేనిదే కదలకూడదంటే కూడు ఎలా సంపాదించుకోవాలి? పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసే అధికారం కూడా ఆ చట్టాల్లో ఉంది. నలుగురిలో కలవనీకుండా ముద్ర వేశారు. మనిషి స్వభావం పేరు చెప్పి మనిషి స్వభావాన్నే తొక్కేశారు.

మరి తేడా ఎలా పట్టాలి? నేను రెండు ప్రశ్నలు రాసుకున్నాను. ఒకటి, ఈ స్వభావం మనుషులందరిదీ అంటున్నారా, ఒక్క కులానిదే అంటున్నారా? ఒక్క కులానిదే అయితే అది మనిషి స్వభావం కాదు, ఎవడో వేసిన ముద్ర. రెండు, గతిలేక చేసిన పనిని చూపించి స్వభావం అంటున్నారా? ఎరుకల వాళ్ళు ఎడ్ల మీద ఉప్పు వేసుకుని ఊరూరా అమ్ముకుని బతికినవాళ్ళు. రైళ్ళొచ్చి ఆ వ్యాపారం దెబ్బతింది. బతుకుతెరువు పోయినవాడు చేసింది చూసి పుట్టుకే అంత అనడం ఏం బుద్ధి?

అయినా ఒక సందేహం తీరలేదు. గంప పని నాయనమ్మ చెప్పగలదు, అల్లింది ఆవిడే కాబట్టి. మనిషి పని ఎవరు చెప్పాలి? అక్వినాస్‌కి దేవుడున్నాడు. దేవుణ్ణి పక్కన పెడితే ఈ సిద్ధాంతం ఎంతవరకు నిలబడుతుందో పెద్ద పెద్దవాళ్ళే ఇంకా వాదించుకుంటున్నారు. నాకు తెలిసింది ఒకటే: మా రూములో ఆరుగురం ఆరు పెట్టెలు తెరిచి ఉంటే నాకు బాధ లేదు.

మొన్న ఆ మాట అన్నవాడికి ఇదంతా చెప్పాను. చాలాసేపు విని, "మా తాతకి ఇలాంటివేం లేవురా" అన్నాడు. లేవు మరి. మీ ఇళ్ళల్లో ఈ హాజరు కబుర్లు తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉంటే, అడిగి కింద రాయండి.