స్టేటస్‌ పెట్టమంటే... పెట్టేస్తారా?

ఒకే కంపెనీలో చేసే నలుగురు కుర్రాళ్ల వాట్సప్‌ స్టేటస్‌లు వరసగా తెరిచారనుకోండి. నాలుగింట్లోనూ ఒకే ఫొటో. కింద ఒకే వాక్యం... ‘ఇంత గొప్ప సంస్థలో భాగమైనందుకు గర్వపడుతున్నాను’ అని. నాలుగూ పొద్దున పదింటికే పెట్టినవి. పైనుంచి ఆర్డరొచ్చిందని చూసినవాళ్లకు వేరే చెప్పాలా?

మామిడితోటల బాపులపాడు మండలంలో ఇప్పుడు ఫ్యాక్టరీ ఉద్యోగాలూ మొదలయ్యాయి. మల్లవల్లి పారిశ్రామికవాడలో అశోక్‌ లేలాండ్‌ బస్సుల ప్లాంటు 2025 మార్చి 19న ప్రారంభమైంది. ఉద్యోగాలొచ్చిన చోటికి ‘మన కంపెనీ పోస్టు మీ ఫోన్లోనూ పెట్టండి’ అన్న మాట ఏదో ఒకరోజు వస్తుంది. కంపెనీల ఆశలో తప్పేం లేదు. నూజివీడు రసాలు కొనేవాళ్లు బోర్డు చూసి కొంటారా, తెలిసినాయన ‘ఆ తోట కాయ బావుంది’ అంటే కొంటారా? ఉద్యోగి మాటకున్న విలువా అదే. కాకపోతే ఆ విలువ ఆయనది, కంపెనీది కాదు.

ఈ తేడా మరిచిపోతే ఏమవుతుందో అమెజాన్‌కు అనుభవమే. అమెరికాలో తన గోదాముల్లో పని పరిస్థితుల మీద విమర్శలు పెరగడంతో, 2018లో కొందరు ఉద్యోగుల్ని ట్విటర్లో ‘అంబాసిడర్లు’గా దింపింది. వాళ్లు నిజమైన ఉద్యోగులే. కానీ అందరి పేర్ల పక్కనా ఒకే హోదా, అందరివీ ఒకే ధోరణి జవాబులు. ‘మాకు బాత్రూమ్‌కి వెళ్లే టైముంది’ అంటూ అపరిచితులకు సర్దిచెబుతుంటే జనం నమ్మలేదు సరికదా... అసలు వీళ్లు మనుషులేనా అనడిగారు! 2021లో వాళ్లను వెక్కిరిస్తూ నకిలీ ఖాతాలూ పుట్టుకొచ్చాయి. అప్పుడిక అసలేదో నకిలీ ఏదో పోల్చుకోవడమే కష్టమైంది. ఆ కార్యక్రమాన్ని కంపెనీ చడీచప్పుడు లేకుండా ఎత్తేసినట్టు 2022 జనవరిలో ఫైనాన్షియల్‌ టైమ్స్‌ రాసింది. మనుషులు నిజం, మాట అరువు... చిక్కంతా అక్కడే.

మరి ఎలా అడగాలి? ఎనభైమంది పనిచేసే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి ఉందనుకుందాం. సీజన్‌ మొదలైంది, కాయ దిగుతోంది, ఆ సంగతి ఊళ్లో తెలియాలి. మేనేజరు వాక్యం రాసి పంపకూడదు. రెండు మూడు ఫొటోలు, ‘ఈ వారం నుంచి రెండు షిఫ్టులు నడుస్తున్నాయి’ లాంటి ఒకటి రెండు నిజాలు ఇచ్చి, ‘ఇష్టమైతే మీ మాటల్లో పెట్టుకోండి, లేకపోతే వదిలేయండి’ అని ఒక్కసారి చెప్పి ఊరుకోవాలి. ఆ మాట సూపర్‌వైజరు నోట రాకపోతే మరీ మంచిది. సెలవు చీటీ మీద సంతకం పెట్టే మనిషి ‘ఇష్టమైతే’ అన్నా అది ఆజ్ఞలాగే వినిపిస్తుంది మరి! ఎవరు పెట్టారు, ఎవరు పెట్టలేదు అన్న పట్టిక రాయకూడదు. పెట్టినవాళ్లకు బహుమతులూ వద్దు. బహుమతి పెట్టిన మర్నాటి నుంచీ మళ్లీ అందరి స్టేటసూ ఒకటే అవుతుంది.

ఇలా అడిగితే ఎనభైమందిలో తొమ్మిదిమందే పెట్టారనుకోండి. తక్కువేం కాదు. అందులో కాయలు ఏరే టేబుల్‌ దగ్గర చేసే ఒకావిడ ‘నేను పనిచేసేది ఇక్కడే. పొద్దున్నుంచీ మచ్చకాయ ఏరి పక్కన పడేస్తూనే ఉన్నాం, సొన అంటి చేతులు మండిపోతున్నాయి’ అని పెట్టిందనుకోండి. మేనేజరుకి చప్పున ఆ మంట సంగతి తీసేయించాలనిపిస్తుంది. తీయిస్తే పాడైపోయినట్టే! ఆ మంట ఉంది కాబట్టే, మచ్చకాయ గుజ్జులోకి పోవడం లేదన్న మాట చుట్టాలు నమ్ముతారు. చేయాల్సింది ఆ వాక్యం తుడిపించడం కాదు, చేతి తొడుగులు ఇప్పించడం.

‘నేను పనిచేసేది ఇక్కడే’ అన్న ముక్కా ముఖ్యమే. భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఇచ్చిన మార్గదర్శకాలు డబ్బు, కానుకలతోపాటు ఉద్యోగ సంబంధాన్నీ దాచకూడదనే అంటాయి. మామూలు ఉద్యోగికీ ఆ పద్ధతే క్షేమం. ఇక యంత్రాల లోపలి ఫొటోలు, పక్కవాళ్ల మొహాలు, కొనుగోలుదారుల పేర్లు... ఇవి పెట్టకూడదని ముందే చెప్పాలి. పెట్టాక తిట్టడం కాదు.

ఫలితం ఎలా తెలుస్తుంది? ఎన్ని షేర్లన్నది లెక్క కాదు. సొంత మాటల్లో రాసినవాళ్లెందరు, అడక్కుండానే రెండోసారి పెట్టినవాళ్లెందరు అని చూడాలి. ఒక నెల ఆ తొమ్మిదిమంది ఇద్దరైపోతే గ్రూపులో ఇంకో రిమైండరు పంపడం దండగ. ఓవర్‌టైమ్‌ డబ్బులు అందాయో లేదో క్యాంటీన్లో కూర్చుని అడిగి రావాలి.