ఒక పేరా, మూడు గడులు



ప్రభుత్వ వైద్యుడిగా పదవీ విరమణ చేసి ఇచ్ఛాపురంలో స్థిరపడిన తరువాత కూడా ఆదివారం ఉదయాలు మాత్రం నన్ను వదలలేదు. మిత్రులు కొందరు నడిపే చిన్న ఉచిత వైద్యశాలలో కూర్చుంటాను. రోగి రాగానే అక్కడి యువకుడొకడు ఎదుట కూర్చోబెట్టుకొని, అతడు చెప్పినదంతా చెప్పిన వరుసలోనే ఒక పేరాగా కంప్యూటరులో ఎక్కిస్తాడు. ఈ ఏడాది ఆ పేరాను విడగొట్టి పూర్వచరిత్ర, పడని మందులు, ప్రస్తుతం వాడుతున్న మందులు అని వేరువేరు గడులున్న పత్రంగా మార్చాలని అనుకున్నాం. ఆ పని నాకు అప్పగించారు. ఇది గుమాస్తా పని అనుకొని ఒప్పుకున్నాను. కాదని మొదటి ఆదివారమే తెలిసింది. ఆ రోజు వచ్చిన ఒక పేరా గురించి మీకు చెబుతాను. గుర్తు పట్టకుండా వివరాలు కొంత మార్చాను.

"వయస్సు 52. జీడిపప్పు కార్ఖానాలో పని. మూడు రోజులుగా జ్వరం, మూత్రంలో మంట. బీపీ ఉంది, బిళ్ల వేసుకుంటుంది. కిడ్నీ కొంచెం పాడైందని పలాసలో చెప్పారట. మోకాళ్ల నొప్పికి ఊళ్లో డాక్టరు ఇచ్చిన మాత్రతో తగ్గుతుంది. ఇంతకుముందు మూత్రంలో మంటకు వేసిన పెద్ద తెల్లబిళ్ల పడలేదు. పెన్సిలిన్ కూడా పడదు. షుగర్ లేదు. తండ్రికి డయాలసిస్ చేశారు."

చదవడానికి చక్కగానే ఉంది. రోగి మాటల్లో ఉండే వరుసకు ఒక అర్థం ఉంటుంది. ఏది ముందు చెప్పిందో దానికే ఆమె ఎక్కువ భయపడుతోందని మనం గ్రహించవచ్చు. అందుకే పేరాను చెరిపివేయకుండా పత్రం అడుగున అలాగే ఉంచమని నేను మొదటే షరతు పెట్టాను. అయితే మందు రాసే వేళ ఆ పేరా ప్రమాదకరం. ఎందుకో నాకు స్వానుభవం.

చాలా ఏళ్ల క్రితం, నేను ఉద్యోగంలో ఉన్న ఒక ఆసుపత్రిలో, సాయంత్రం చేరిన ఒక నడివయస్కుడి వివరాలు నేనే ఏడెనిమిది వరుసల పేరాగా రాశాను. అందులో అయిదో వరుసలో "సల్ఫా పడదట" అన్న మాట ఉంది. అర్ధరాత్రి అతనికి విరేచనాలు ఎక్కువయ్యాయని నన్ను లేపారు. దీపం వెలుగులో పై రెండు వరుసలు చూసి కోట్రైమాక్సజోల్ రాశాను. అందులో ఒక భాగం సల్ఫా మందే. మూడో రోజుకు అతని పెదవులు, నోరు పుండ్లు పడ్డాయి, చర్మం మీద బొబ్బలు లేచాయి. పెద్దాసుపత్రికి పంపితే వారాల తరబడి ఉండి బ్రతికి బయటపడ్డాడు. రాసింది నేనే, చదవనిది నేనే. ఎవరినీ అనడానికి లేదు. పేరా మధ్యలో ఉన్న మాటకు తక్కిన మాటలకంటే ఎక్కువ బరువు ఉందని కాగితం నాకు చెప్పలేదు, అంతే.

అమెరికా వైద్యుడు లారెన్స్ వీడ్ 1968లోనే రోగి వివరాలను కథలాగా కాక సమస్యల వారీగా విడదీసి రాయాలని వాదించాడు. మేము చదువుకునే రోజుల్లో ఆ పేరు విన్నాం. పరీక్ష అయ్యాక మరచిపోయాం.

ఇక మన పేరాకు వద్దాం. బీపీ బిళ్ల అన్న రెండు మాటలను రెండు గడుల్లో వేయాలి. బీపీ అనే జబ్బు పూర్వచరిత్రలోకి పోతుంది, బిళ్ల మందుల్లోకి పోతుంది. బిళ్ల పేరేమిటి? ఆమెకు తెలియదు. సంచి తెరిపించాను. రెండు షీట్లు బయటపడ్డాయి: అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములది ఒకటి, టెల్మిసార్టాన్ 40ది ఒకటి. పేరాలో ఒక్క బిళ్లగా ఉన్నది గడిలో రెండు అయింది. రెండూ వేసుకుంటున్నావా అమ్మా అని అడిగితే, "తెల్లదే రోజూ ఏసుకుంతన్నాను బాబూ, రెండోది కళ్లు తిరుగుతున్నాయని వారం నుంచి మానీసినాను" అన్నది. కాబట్టి టెల్మిసార్టాన్ ఎదురుగా మోతాదు, వేళ మాత్రమే రాస్తే అబద్ధమవుతుంది. రాసి ఇచ్చారు, తీసుకోవడం లేదు, ఎందుకు మానింది, ఎప్పటి నుంచి అని రాయాలి. ఆసుపత్రి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి వివరాలు పంచుకోవడానికి వాడే FHIR అనే ప్రమాణంలో మందు స్థితికి `active` అని, `stopped` అని వేరే గుర్తులు ఉన్నాయి. ఈ అవసరం మనకొక్కరికే కలిగింది కాదన్నమాట.

మోకాళ్ల మాత్ర సంగతి ఇంకా చిత్రం. అది పేరాలో మందుగా కాక, నొప్పి తగ్గిన శుభవార్తగా కూర్చుంది. సంచిలో దానికి షీటు లేదు, కాగితం పొట్లంలో విడి మాత్రలున్నాయి. మాత్రను చూసి పేరు ఊహించకూడదు. తెల్లటి గుండ్రటి మాత్రలు వంద రకాలు. ఆమె ఊరి ఆర్‌ఎంపీకి ఫోను చేయించాను. అతడు దాపరికం లేకుండా చెప్పాడు: ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిపినది, రోజుకు రెండు. ఎన్నాళ్లుగా? ఎనిమిది నెలలు. మూత్రపిండం ఇప్పటికే దెబ్బతిన్న మనిషి ఎనిమిది నెలలుగా నొప్పి మాత్ర మింగుతోంది. ఈ జాతి మాత్రలు మూత్రపిండానికి రక్తం అందించే సన్నని నాళాలను ముడుచుకొనేలా చేస్తాయి. ఆరోగ్యవంతుడు రెండు రోజులు వేసుకుంటే సాధారణంగా తట్టుకుంటాడు. ఈమె తట్టుకోలేదు.

ఉద్దానంలో ఈ ఒక్క ప్రశ్న వదలకూడదని నా పట్టుదల. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎందుకు ఇంతగా వ్యాపించిందో ఒక్క కారణంగా ఇప్పటికీ తేలలేదు. నీటిమీద, ఎండలో శ్రమమీద, పురుగుమందులమీద, వంశంమీద అనుమానాలు నడుస్తున్నాయి. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల కిడ్నీ పరిశోధనాసుపత్రి మొదలైంది. కారణం తేలేదాకా మన చేతిలో ఉన్నవి కొన్నే, వాటిలో నొప్పి మాత్ర ఒకటి. అందుకే మందుల గడి కింద "నొప్పి మాత్రలు, నాటు మందులు, దుకాణంలో అడిగి కొన్నవి" అని ఒక ప్రత్యేక వరుస పెట్టించాను. మందులేమి వాడుతున్నారు అని అడిగితే రోగి దృష్టికి చీటీ రాసి ఇచ్చినవే మందులు. తక్కినవి మందుల్లోకి రావు.

పూర్వచరిత్ర గడిలో నేను ఎక్కువసేపు ఆగలేదు. తండ్రి డయాలసిస్, ఆమె చేసే పని, తాగే నీరు బోరుదా కుళాయిదా అన్నది రాయించాను. షుగర్ లేదన్న మాటను మాత్రం యథాతథంగా ఎక్కించలేదు. పరీక్ష ఎప్పుడు చేయించారంటే గుర్తు లేదన్నది. "రోగి లేదన్నారు, పరీక్ష తేదీ తెలియదు" అని రాశాం. పలాస రిపోర్టు మొబైలులో ఫొటోగా ఉంది, క్రియాటినిన్ 2.3, తేదీ నాలుగు నెలల కిందటిది. "కొంచెం పాడైంది" అన్న మాటకు బదులు అంకె, తేదీ వచ్చి కూర్చున్నాయి.

అసలు చిక్కు పడని మందుల గడిది. మన భాషలో "పడదు" అన్న ఒక్క మాటలో వైద్యులు వేరుచేసే నాలుగు సంగతులు ఇమిడిపోతాయి. ఒంటిమీద దద్దుర్లు లేచినా పడదు, కడుపులో తిప్పినా పడదు, నీరసం వచ్చినా పడదు, జబ్బు తగ్గకపోయినా పడలేదనే అంటాం. కాబట్టి ఈ గడిలో మందు పేరు చాలదు. ఏం జరిగింది, వేసుకున్న ఎంతసేపటికి, ఎన్నేళ్ల క్రితం, ఆ తరువాత మళ్లీ ఎప్పుడైనా వాడారా అని నాలుగు ప్రశ్నలు అడగాలి.

పెన్సిలిన్‌కు ఏం జరిగిందమ్మా అంటే, అమోక్సిసిలిన్ గొట్టాలు వేసుకున్న రెండో రోజున విరేచనాలైనాయన్నది. దద్దుర్లు లేవు, వాపు లేదు, ఆయాసం లేదు. అది అలర్జీ కాదు, మందు వల్ల కలిగిన ఇబ్బంది. దానిని అలర్జీగా రాసేస్తే జీవితాంతం ఒక మంచి మందుల కుటుంబం మొత్తం ఆమెకు దూరమవుతుంది. పెన్సిలిన్ అలర్జీ ఉందని రాయించుకున్న పదిమందిని సక్రమంగా పరీక్షిస్తే సుమారు తొమ్మిదిమందికి అది ఉండదని లోకమంతటా తేలిన విషయం. అలాగని నిజంగా దద్దుర్లు వచ్చినవారు సొంతంగా మళ్లీ వాడి చూడరాదు.

పెద్ద తెల్లబిళ్లకు ఏం జరిగిందని అడిగాను. ఆమె చెప్పకుండా కొంగుతో నోరు కప్పుకున్నది. తరువాత, "పెదాలు వాచీసినాయి బాబూ, నోరంతా పూసేసింది, అన్నం తినలేకపోయినాను" అన్నది. ప్లాస్టిక్ కవరులో మడతపెట్టిన పాత చీటీ తీయించాం. రెండేళ్ల క్రితంది. కోట్రైమాక్సజోల్.

నా కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. మూత్రంలో మంట, జ్వరం అని మొదటి వరుసలోనే ఉన్న ఆ పేరాను పాత అలవాటు ప్రకారం పైపైన చదివి ఉంటే నా కలం ఆ మందువైపే పోయేదేమో. అలర్జీ లేకపోయినా ఆమెకు అది ప్రమాదమే. మూత్రపిండం బలహీనంగా ఉన్నవారిలో, అందులోనూ టెల్మిసార్టాన్ వాడేవారిలో, ఆ మందు రక్తంలో పొటాషియం పెంచి గుండె లయను చెడగొట్టగలదు. ఈ సంగతి కనబడాలంటే మూడు గడులూ పక్కపక్కన ఉండాలి. చివరికి మా పత్రం పైభాగం ఇలా తయారైంది:

పడని మందు: కోట్రైమాక్సజోల్. పెదవుల వాపు, నోటి పుండ్లు. రెండేళ్ల క్రితం. చీటీ చూశాం. మళ్లీ ఇవ్వరాదు.
ఇబ్బంది చేసినది: అమోక్సిసిలిన్. విరేచనాలు మాత్రమే. అలర్జీ కాదు.
వాడుతున్నవి: అమ్లోడిపిన్ 5, రోజుకు ఒకటి. ఎసిక్లోఫెనాక్ కలిసినది, రోజుకు రెండు, ఎనిమిది నెలలు. ఈ రోజుతో ఆపాం.
రాసి ఇచ్చినా మానినది: టెల్మిసార్టాన్ 40. వారం నుంచి. కళ్లు తిరగడం.

ఖాళీ గడి గురించి ఒక మాట. కంప్యూటరు కుర్రాడు మొదట్లో ఎవరూ ఏమీ చెప్పనప్పుడు పడని మందుల గడిని ఖాళీగా వదిలేసేవాడు. ఆ ఖాళీని చూసి తరువాతి వైద్యుడు "ఏమీ లేవు" అనుకుంటాడు. నిజానికి అడగకపోయి ఉండవచ్చు, అడిగినా రోగికి తెలియకపోయి ఉండవచ్చు. ఇప్పుడు "అడిగాం, లేవన్నారు", "అడిగాం, తెలియదన్నారు", "అడగలేదు" అన్న మూడింటిలో ఒకటి ఎంచితే తప్ప పత్రం ముందుకు కదలదు. రద్దీగా ఉన్న రోజున కుర్రాళ్లు తొందరలో మొదటిదే నొక్కేస్తున్నారని నాకు తెలుసు. ఉదయం పదకొండు తరువాత ఎక్కించిన పత్రాల్లో అందరికీ "లేవన్నారు" అని వరుసగా కనబడితే ఆ రోగులను నేను మళ్లీ పిలిచి అడుగుతాను. దీనికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు ఇంకా దొరకలేదు.

మీరు ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న షీట్లన్నీ, సగం వాడి మానేసినవి కూడా, ఒక సంచిలో వేసుకొని తీసుకెళ్లండి. పడని మందు ఏదైనా ఉంటే దాని పాత చీటీ పారవేయకండి.

ఆమెకు మూత్రం కల్చర్ పరీక్ష, మళ్లీ క్రియాటినిన్, పొటాషియం రాసి, మూత్రపిండానికి తగిన మోతాదులో వేరే మందు ఇచ్చి, మోకాళ్లకు పారాసిటమాల్ ఒక్కటే వాడమని చెప్పి, పలాసకు ఉత్తరంతో పంపాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఆ పడని బిళ్ల పేరు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఇమ్మని అడిగింది. కొడుకు చెన్నైలో పనికి వెళ్తాడట, తనకు చదువు రాదట, ఎవరికైనా చూపించుకుంటానన్నది. ఒక అట్టముక్క మీద రాసి ఇచ్చాను. దాన్ని మాత్రల సంచిలో వేసుకోలేదు. డబ్బులు దాచుకునే చిన్న సంచిలో పెట్టుకున్నది.